వెనకనుంచి నెట్టే ముందు

"కడపలో మా ఆఫీసుకు కొత్తగా వచ్చినాయన చక్రాల కుర్చీ వాడతారు. ర్యాంపు దగ్గర సాయంగా వెనకనుంచి నెట్టాను, కోప్పడ్డారు. నా తప్పేమిటి?"

నేనూ చక్రాల కుర్చీలోనే తిరుగుతాను, ఆ కోపం నాకు తెలుసండీ. చేతులు చక్రాల మీద ఉండగా హఠాత్తుగా నెడితే వేళ్లు చువ్వల మధ్య పడొచ్చు. ముందున్న చిన్న చక్రాలు బండల సందులో ఇరుక్కుంటే మనిషి ముందుకు బోర్లా పడతాడు. మన ఊళ్లో నాపరాళ్లు పరచని వాకిలి ఎక్కడుంది!

ఎదురుగా వచ్చి "సాయం కావాలా?" అని అడిగి, జవాబు కోసం ఆగండి. వద్దంటే వదిలేయండి. సరేనంటే ఎక్కడ పట్టుకోవాలో ఆయన్నే అడగండి. చేతులు ఆనించుకునే భాగాన్ని పట్టి ఎత్తితే, కొన్ని కుర్చీల్లో అది ఊడి చేతికొస్తుంది.

కాసేపు మాట్లాడాలంటే మీరూ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చోండి, తలెత్తి చూసీ చూసీ మెడ పట్టేస్తుంది. ఆయన కుర్చీ మీద మాత్రం చెయ్యి ఆనించకండి.