టర్మ్ షీట్ మీద సంతకం పెట్టే ముందు

అమ్మలూ,

నీ కంపెనీలో డబ్బు పెట్టే ఇన్వెస్టర్ నుంచి షరతుల కాగితం, అదే టర్మ్ షీట్, నీకు వచ్చిందని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను, కానీ ఆ తర్వాత నిద్ర మాత్రం పట్టలేదు. వచ్చే శుక్రవారంలోగా సంతకం పెట్టమంటున్నారట కదా. ఆగు, ముందు ఇది చదువు.

మంచి లాయర్‌ని పెట్టుకో, ఎవరికెన్ని షేర్లో చూపే క్యాప్ టేబుల్ సరిచూయించు. అవి నీకు తెలిసినవే. నా భయమంతా యాంటీ డైల్యూషన్, లిక్విడేషన్ ప్రిఫరెన్స్ అనే రెండు క్లాజుల గురించి. మొదటిది తర్వాత తక్కువ ధరకి షేర్లిస్తే ఇన్వెస్టర్ వాటాని కాపాడేది, రెండోది కంపెనీ అమ్మితే వచ్చిన డబ్బులో ముందు ఇన్వెస్టర్‌కి ఎంత వెళ్తుందో చెప్పేది.

నేనూ నా స్నేహితురాలూ జయనగర్‌లో కంపెనీ పెట్టిన రోజులు నీకు గుర్తుండవు, అప్పుడు నువ్వు చాలా చిన్నపిల్లవి. లెక్క సులువుగా ఉండటానికి అంకెలు కాస్త గుండ్రంగా చెబుతాను. మా ఇద్దరికీ కలిపి 80 లక్షల షేర్లు. ఇన్వెస్టర్ షేరుకి 20 రూపాయల చొప్పున 4 కోట్లు పెట్టి 20 లక్షల షేర్లు తీసుకున్నారు. అవి సీసీపీఎస్, అంటే తర్వాత మామూలు ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు. యాంటీ డైల్యూషన్ దగ్గర 'ఫుల్ రాచెట్' అని రాసి ఉంది. మన కంపెనీ ధర ఎందుకు పడిపోతుందిలే అనుకుని సంతకం పెట్టేశాం.

ఏడాదిన్నర తర్వాత ఒక పెద్ద కస్టమర్ డబ్బు ఆపేశాడు. జీతాల తారీఖు నాలుగు రోజుల్లో ఉంది. నాతో చదువుకున్న ఒకతను 10 లక్షలు ఇస్తానన్నాడు. మన అవసరం కదా అని షేరుకి 10 రూపాయల చొప్పున లక్ష షేర్లు ఇచ్చాం. ఇన్వెస్టర్‌ని అడిగాం కూడా, కొత్త షేర్లు ఇవ్వడానికి వాళ్లు సరేనని మెయిల్ పెట్టారు. ఆ మెయిల్ చాలనుకున్నాను. షేర్లు ఇవ్వడానికి ఒప్పుకోవడం వేరు, రాచెట్ హక్కుని ఈసారికి వదులుకుంటున్నామని రాసివ్వడం వేరు. ఆ తేడా నాకు తెలియదు.

ఫుల్ రాచెట్‌లో ఎంత డబ్బు వచ్చిందన్నది లెక్కలోకి రాదు, ఏ ధరకి వచ్చిందన్నదే చూస్తారు. వచ్చింది 10 లక్షలే అయినా ధర సగం కాబట్టి, వాళ్ల 4 కోట్లకీ మొదటి నుంచీ 10 రూపాయలే ధర అన్నట్టు లెక్క మారిపోయింది. వాళ్ల 20 లక్షల షేర్లు ఈక్విటీగా మారేటప్పుడు 40 లక్షలవుతాయి. మా వాటా 80 శాతం నుంచి 66కి పడింది. అదే బ్రాడ్ బేస్డ్ వెయిటెడ్ యావరేజ్ అని రాసి ఉంటే, ధరతో పాటు వచ్చిన డబ్బు ఎంత చిన్నదో కూడా చూసేవాళ్లు. వాళ్ల ధర 20 నుంచి 19 రూపాయల 90 పైసలకి తగ్గేది, మాకు 79 శాతం ఉండేది. జీతాలైతే ఇచ్చాం. ఆ నెల ఒక్కరూ ఉద్యోగం మానలేదు, అందుకే ఆ పని చేసినందుకు ఇప్పటికీ పూర్తిగా బాధపడలేను.

రెండో దెబ్బ కంపెనీ అమ్మినప్పుడు తగిలింది. లిక్విడేషన్ అంటే దివాలా తీసినప్పటి సంగతి అనుకుంటారు. కాదమ్మా, కంపెనీని ఇంకొకరికి అమ్మినా ఆ క్లాజు కిందికే వస్తుంది. 9 కోట్లకి అమ్మాం. మాది పార్టిసిపేటింగ్ ప్రిఫరెన్స్. ముందు వాళ్లు పెట్టిన 4 కోట్లు తీసుకున్నారు, మిగిలిన 5 కోట్లలో మళ్లీ వాటా అడిగారు, ఆ వాటా రాచెట్‌తో పెరిగిన వాటా. వాళ్లకి మొత్తం 5 కోట్ల 65 లక్షలు, మా ఇద్దరికీ కలిపి 3 కోట్ల 30 లక్షలు. నాన్ పార్టిసిపేటింగ్ అయి ఉంటే, 4 కోట్లు తీసుకోవడమో, వాటా ప్రకారం తీసుకోవడమో ఏదో ఒకటే. వాళ్లు 4 కోట్లే తీసుకునేవాళ్లు, రాచెట్ ఉన్నా సరే మాకు 4 కోట్ల 90 లక్షల పైన వచ్చేది. చూడు, రెండు క్లాజులూ ఒకదానికొకటి ఎలా తోడయ్యాయో. 10 లక్షలిచ్చిన నా క్లాస్‌మేట్ చేతికి వచ్చింది 4 లక్షల చిల్లర. అతను ఒక్క మాట అనలేదు. వాళ్లింట్లో పెళ్లికి వెళ్లినప్పుడు అతని ముఖం చూడలేకపోయాను.

అందుకే 1ఎక్స్, అంటే పెట్టిన డబ్బుకి ఒక్క రెట్టే వచ్చే నాన్ పార్టిసిపేటింగ్, బ్రాడ్ బేస్డ్ వెయిటెడ్ యావరేజ్ అడుగు. ఇవేం గొంతెమ్మ కోరికలు కావు, చాలామంది ఇన్వెస్టర్లు ఒప్పుకునేవే. ఉద్యోగులకిచ్చే ఈసాప్ షేర్లని యాంటీ డైల్యూషన్ నుంచి మినహాయించారో లేదో చూడు. లేకపోతే నీ ఉద్యోగికి తక్కువ ధరకి షేర్లిచ్చినా ఈ లెక్క మొదలవుతుంది. ప్రిఫరెన్స్ కింద వచ్చేది వాళ్లు నిజంగా పెట్టిన డబ్బు మీదే ఉండాలి, షేర్లు పెరిగాయని అది పెరగకూడదు. టర్మ్ షీట్‌లో చాలా భాగం చట్టపరంగా కట్టిపడేసేది కాదు, తర్వాత అగ్రిమెంట్‌లో చూసుకుందాంలే అంటారు. అప్పుడు ఎవరూ వెనక్కి తగ్గరు, ఇప్పుడే అడుగు.

ఎప్పుడైనా జీతాల టెన్షన్ వచ్చి తక్కువ ధరకి షేర్లివ్వాలనిపిస్తే, ఎంత రాత్రయినా ముందు నాకు ఫోన్ చెయ్యి. ఈ ఆదివారం టర్మ్ షీట్ ప్రింట్ తీసుకుని మల్లేశ్వరం రా, మెట్రోలో వచ్చెయ్, పార్కింగ్ దొరకదు. లెక్క మళ్లీ మొదటి నుంచీ నీ అంకెలతో వేద్దాం. గుత్తొంకాయ చేసి పెడతాను.

మీ పెద్దమ్మ