లక్కీ డ్రాలో పెట్టెలోకి ఏ చీటీలు వెళ్లాలి?

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో వినాయక చవితికి లక్కీ డ్రా పెడుతున్నాం. ఎవరూ వేలెత్తి చూపకుండా ఎలా తీయాలి?

అమ్ముడైన ప్రతి టికెట్ కౌంటర్‌ఫాయిల్ ఒక్కసారి, అమ్ముడవనిది ఒక్కటీ లేకుండా పెట్టెలో పడాలి. ఆ లెక్క డ్రాకు ముందే అందరి ఎదుట తేలాలి.

అమ్ముడైన ప్రతి టికెట్‌కూ సమాన అవకాశం ఉండాలంటే ఇదే దారి. ఒక చీటీ తగ్గితే అది కొన్నవాళ్లకు గెలిచే వీలే ఉండదు. అమ్మని చీటీ కలిస్తే బహుమతి ఎవరికీ చెందని నంబరుకు పోవచ్చు, అప్పుడు మొదలవుతుంది అసలు గొడవ.

ఉదాహరణకు 1 నుంచి 300 వరకు టికెట్లు, ఒక్కోటి 50 రూపాయలు. 260 అమ్ముడైతే చేతిలో 13,000 రూపాయలు, 260 కౌంటర్‌ఫాయిళ్లు, చింపని టికెట్లు 40 ఉండాలి. ఆ 40 నంబర్లు మైకులో చదివి, టికెట్లపై అడ్డంగా గీత కొట్టండి. డబ్బు 12,950 మాత్రమే ఉంటే ఆ ఒక్క టికెట్ సంగతి తేలేదాకా డ్రా ఆపండి. తర్వాత కౌంటర్‌ఫాయిళ్లన్నీ ఒకేలా మడిచి, ఖాళీ పెట్టెను అందరికీ చూపించి, అందులో వేసి బాగా కలపండి. మందంగా మడిచినది చేతికి ఇట్టే తెలిసిపోతుంది. తీసిన నంబరును వెంటనే పైకి చదివి, బోర్డు మీద రాయండి.

చిన్నపిల్లాడి చేత కళ్లు మూసి తీయిస్తే చాలు, డ్రా న్యాయంగా జరిగినట్టేనని చాలామంది అనుకుంటారు. పెట్టెలో లేని చీటీని ఏ పిల్లాడూ తీయలేడు కదా.