12ఏబీ రెన్యువల్ ఆలస్యమైందని నోటీసు వస్తే జవాబులో ఏం రాయాలి?

ప్రశ్న: తిరుపతిలో చిన్న చారిటబుల్ ట్రస్టు మాది. అన్నదానం, పేద పిల్లలకు ఫీజులు కట్టడం మా పనులు. ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపునిచ్చే 12ఏబీ రిజిస్ట్రేషన్ ఆర్డర్‌లో 2026-27 అసెస్‌మెంట్ ఇయర్ వరకు అని ఉంది కదా, ఇంకా చాలా టైముందనుకున్నాం. ఆడిటర్ చెప్పాక కంగారుగా డిసెంబర్ 18న రెన్యువల్‌కి 10ఏబీ ఫారం వేశాం. ఇప్పుడు, గడువు దాటి వేసిన దరఖాస్తును ఎందుకు తిరస్కరించకూడదో చెప్పమని నోటీసు వచ్చింది. ఇది వదిలేసి కొత్త ట్రస్టులాగా 10ఏ ఫారం వేసుకోండి, సులువు అంటున్నారు కొందరు. అదే మంచిదా?

జవాబు:

10ఏ జోలికి వెళ్ళకండి. వేసిన 10ఏబీనే నిలబెట్టుకోండి. దానికి చట్టంలోనే దారి ఉంది. చిత్తూరులో ఆడపిల్లల హాస్టల్ నడిపే ఒక ట్రస్టుకి నేను కోశాధికారిని. నేను చేరేసరికే మా రెన్యువల్ గడువు దాటిపోయి ఉంది. మీకొచ్చినలాంటి నోటీసుకే జవాబు రాసి, రిజిస్ట్రేషన్ నిలుపుకున్నాం కాబట్టి తెలిసింది చెప్తున్నాను.

ముందు గడువు లెక్క చూద్దాం, మీ జవాబుకి అదే పునాది. ఆర్డర్‌లో రాసేది అసెస్‌మెంట్ ఇయర్. 2026-27 అసెస్‌మెంట్ ఇయర్ అంటే 2025-26 ఆర్థిక సంవత్సరంలో వచ్చిన ఆదాయం. కాబట్టి మీ రిజిస్ట్రేషన్ 2026 మార్చి 31తో అయిపోతుంది, 2027లో కాదు. అది ముగియడానికి కనీసం ఆరు నెలల ముందు 10ఏబీ వేయాలి. అంటే 2025 సెప్టెంబర్ 30 ఆఖరి రోజు. మీరు వేసింది డిసెంబర్ 18న కాబట్టి ఆలస్యం 79 రోజులు. మా ట్రస్టులోనూ సరిగ్గా ఇదే జరిగింది. ప్రొవిజనల్ ఆర్డర్ 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ వరకు అని ఉంటే, పాత ట్రస్టీలు దాన్ని 2025 మార్చి వరకు అని చదువుకున్నారు. నిజానికి అది 2024 మార్చి 31కే ముగిసింది. ప్రభుత్వం 2024 జూన్ 30 దాకా పొడిగించిన గడువు కూడా దాటిపోయాక నవంబర్‌లో వేశారు.

ఇక 10ఏ సలహా ఎందుకు ప్రమాదమో చెప్తాను. 115టీడీ అని ఒక సెక్షన్ ఉంది. రెన్యువల్‌కి గడువులోగా దరఖాస్తు చేయని ట్రస్టు ధర్మసంస్థగా ఉండడం మానేసినట్టే లెక్క అని 2023 ఏప్రిల్ నుంచి అందులో చేర్చారు. అప్పుడు ట్రస్టు ఆస్తుల మార్కెట్ విలువలోంచి అప్పులు తీసేసి, మిగిలినదాని మీద గరిష్ఠ రేటులో పన్ను వేస్తారు. ఆదాయం మీద కాదు, ఆస్తి మీద. స్థలాలకైతే బయట మార్కెట్ ధర, రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువ, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. ఎప్పుడో ఎవరో దాత రేణిగుంట వైపు రాసిచ్చిన స్థలం మీ పుస్తకాల్లో ఆరు లక్షలే ఉండొచ్చు. ఈరోజు అది కోటి పలికితే లెక్క కోటి మీదే. పన్ను ముప్పై లక్షల పైమాటే అవుతుంది. చేతిలో అంత డబ్బుండే అన్నదాన ట్రస్టు ఎక్కడుంటుంది చెప్పండి? కొత్తగా 10ఏ వేస్తే ముందుకి ఒక ప్రొవిజనల్ నంబర్ వస్తుందేమో గానీ, వెనకాల దాటిపోయిన గడువు దాటిపోయినట్టే ఉంటుంది.

అందుకే ఆలస్యాన్ని మన్నింపజేసుకోవడం ముఖ్యం. 2024 అక్టోబర్ 1 నుంచి 12ఏ సెక్షన్, సబ్‌సెక్షన్ (1), క్లాజ్ (ఏసీ)కి ఒక ప్రొవైజో, అంటే అదనపు నిబంధన, చేర్చారు. ఆలస్యానికి తగిన కారణం ఉందని కమిషనర్ అనుకుంటే మన్నించవచ్చు. మన్నిస్తే ఆ దరఖాస్తు గడువులోగానే వేసినట్టు లెక్క. ఈ చివరి మాటే మిమ్మల్ని 115టీడీ నుంచి కాపాడేది. కాబట్టి జవాబులో 'దయచేసి మన్నించండి' అని ఊరుకోకుండా, ఈ ప్రొవైజో కింద ఆలస్యాన్ని మన్నించి, దరఖాస్తును సకాలంలో వేసినట్టుగా పరిగణించమని స్పష్టంగా అడగండి. దీన్ని కండోనేషన్ పిటిషన్‌గా విడిగా రాసి, మేనేజింగ్ ట్రస్టీ సంతకంతో నోటరీ అఫిడవిట్ జత చేయండి.

మా వాళ్ళు మొదట తయారుచేసిన జవాబు మూడు లైన్లు. 'అనివార్య కారణాల వల్ల, ట్రస్టీ అనారోగ్యం వల్ల ఆలస్యమైంది' అని. అలా పంపొద్దని పట్టుబట్టాను. అనారోగ్యం నిజమే, కానీ ఎప్పుడు, ఎంతకాలం, ఆయన తప్ప వేరేవాళ్ళు ఎందుకు వేయలేకపోయారు అన్నవి లేకపోతే ఆ మాటకి విలువ ఉండదు. చివరికి తేదీల వారీగా రాశాం. ఆర్డర్ ఎప్పుడొచ్చింది, గడువు ఎప్పుడు, ఆ సమయంలో పోర్టల్ లాగిన్ ఎవరి చేతిలో ఉంది, మేనేజింగ్ ట్రస్టీ ఆసుపత్రిలో చేరిందెప్పుడు, ఇంటికొచ్చిందెప్పుడు, గడువు దాటిందని ట్రస్టుకి తెలిసిందెప్పుడు, తెలిశాక ఏం చేశారు. ప్రతి తేదీ పక్కన దానికి రుజువు: డిశ్చార్జ్ సమ్మరీ, పాత ఆడిటర్ మెయిల్, ట్రస్టీల మీటింగ్ మినిట్స్ పుస్తకంలో ఆ రోజు పేజీ.

విచారణలో అధికారి పట్టి పట్టి అడిగింది ఆ చివరి రెండు తేదీల గురించే. గడువు దాటిందని తెలిసిన రోజుకీ, 10ఏబీ వేసిన రోజుకీ మధ్య ఎంత ఖాళీ ఉందని. తెలిసి కూడా నెలల తరబడి కూర్చుంటే ముందు చెప్పిన కారణమంతా నీరుగారిపోతుంది. మీ విషయంలో ఆడిటర్ చెప్పగానే వేశామంటున్నారు కదా, అదే మీ బలం. ఆడిటర్ చెప్పిన మెయిలో వాట్సాప్ మెసేజో తేదీతో సహా ప్రింట్ తీసి పెట్టండి. ఆయన దగ్గర నుంచి ఒక చిన్న లెటర్ కూడా తీసుకోండి. 'అసెస్‌మెంట్ ఇయర్‌ని ఆర్థిక సంవత్సరంగా పొరబడ్డాం' అన్న నిజాన్ని దాచకుండా, ఆర్డర్ కాపీలో ఆ లైను చూపించి రాయండి. లేని అనారోగ్యాన్ని తెచ్చిపెట్టడం కన్నా ఉన్న పొరపాటే నిలబడుతుంది. దాంతోపాటు గడచిన సంవత్సరాల రిటర్నులు, 10బీ లేదా 10బీబీ ఆడిట్ రిపోర్టులు వేళకి వేసి ఉంటే వాటి అక్నాలెడ్జ్‌మెంట్లు పెట్టండి. నిర్లక్ష్యంగా ఉండే ట్రస్టు కాదని అవే చెప్తాయి.

ఇంకో విషయం దగ్గర చాలామంది దెబ్బతింటారు. నోటీసు మొదటి పేరాలో ఆలస్యం గురించి ఉంటుంది. కింద చూస్తే ట్రస్ట్ డీడ్, మూడేళ్ళ లెక్కలు, చేసిన పనుల వివరం, ఖర్చులకి బిల్లులు, విరాళాల వివరాలు అన్నీ అడిగి ఉంటారు. టెన్షన్‌లో ఆలస్యానికి ఒక్కదానికే జవాబిచ్చి మిగతావి వదిలేస్తే, ఆలస్యం మన్నించినా పనులు నిజంగా జరిగాయన్న నమ్మకం కుదరలేదని తిరస్కరించవచ్చు. ఈ రకం దరఖాస్తు తిరస్కరిస్తే దాంతోపాటు ఉన్న రిజిస్ట్రేషన్‌నీ రద్దు చేస్తారు. నోటీసులోని నంబర్లే వేసి, ఒక్కో నంబరుకి ఒక్కో అనెక్షర్ పెట్టండి. మీ అన్నదానానికి కూరగాయల మార్కెట్ చీటీలు, కిరాణా చిట్టాలు తెలుగులో చేతిరాతతో ఉంటాయి కదా. మేం హాస్టల్ సరుకుల చీటీలను నెలవారీగా కట్టలు కట్టి, ప్రతి కట్ట మీద ఒక ఇంగ్లిష్ పట్టిక పెట్టాం: తేదీ, సరుకు, మొత్తం, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ మొత్తం ఉన్న పేజీ. ఆ మొత్తాలు ఆడిట్ చేసిన ఖర్చుల పద్దుతో కలవాలి. కలవని చోట ఎందుకు కలవలేదో అక్కడే రాయండి, వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.

జవాబు పంపాల్సింది పోర్టల్‌లో Pending Actions కింద e-Proceedings లో. ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకుండా చూసుకోండి. మన రాష్ట్రం ట్రస్టుల దరఖాస్తులు చూసేది హైదరాబాద్‌లోని ఎగ్జెంప్షన్స్ కమిషనర్ కాబట్టి, తిరుపతి ఆఫీసులో కాగితాలిచ్చి వచ్చాం అనుకుంటే సరిపోదు. ఇచ్చిన తేదీకి కాగితాలు సిద్ధం కాకపోతే, ఆ తేదీ దాటకముందే అక్కడే వాయిదా కోరండి. జవాబివ్వకుండా వదిలేస్తే ఉన్న కాగితాల మీదే ఆర్డర్ రాసేస్తారు. ప్రొఫైల్‌లో ఉన్న మెయిల్, ఫోన్ నంబర్ ఎవరివో కూడా ఇవాళే చూడండి. మాకు అవి పని మానేసిన ఆడిటర్ ఆఫీసువి.

దరఖాస్తు వచ్చిన త్రైమాసికం ముగిసినప్పటి నుంచి ఆరు నెలల్లో ఆర్డర్ ఇవ్వాలి. మీది డిసెంబర్‌లో వేసింది కాబట్టి 2026 జూన్ 30లోగా రావాలి. అది 10ఏడీ ఫారంలో వస్తుంది. మాకు ఐదేళ్ళకే ఇచ్చారు. మీరు 2025 ఏప్రిల్ 1 తర్వాత వేశారు కాబట్టి, మినహాయింపులు లెక్కేయక ముందు మీ ట్రస్టు ఆదాయం అంతకు ముందు రెండేళ్ళలో ఏ ఏడాదీ ఐదు కోట్లు దాటకపోతే, పదేళ్ళకి వస్తుంది. వచ్చిన రోజే అందులోని అసెస్‌మెంట్ ఇయర్లను మార్చి 31 తేదీలుగా మార్చి, దానికి ఆరు నెలల ముందు తేదీని మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఒకవేళ తిరస్కరిస్తే, ఆర్డర్ అందిన నెల ముగిసినప్పటి నుంచి రెండు నెలల్లో ట్రిబ్యునల్‌కి అప్పీలు వేసుకోవచ్చు.

దాతలకు పన్ను తగ్గింపునిచ్చే 80జీ సంగతి మీరు అడగలేదు గానీ, అదీ ఇదే మార్చి 31కి ముగుస్తుంటే దానికి 10ఏబీ విడిగా వేశారో లేదో చూడండి. నేను పైన చెప్పిన ప్రొవైజో ఉన్నది 12ఏలో. 12ఏబీ పిటిషన్‌లోనే 80జీ ఆలస్యాన్నీ ఒక లైనులో కలిపి అడిగితే సరిపోతుందనుకోకండి, ఆడిటర్‌తో దాన్ని ప్రత్యేకంగా మాట్లాడండి. అది తేలేవరకు ఏప్రిల్ 1 నుంచి ఇచ్చే రసీదుల మీద పాత 80జీ నంబర్ వేయొద్దు. దాత ఆ రసీదు నమ్ముకుని రిటర్నులో తగ్గింపు అడిగితే నోటీసు ఆయనకి వెళ్తుంది.