స్వేచ్ఛా? స్వాతంత్ర్యమా? విప్లవాల పాఠంలో కొన్ని మాటలు

సందేహం: తొమ్మిదో తరగతి పిల్లల కోసం చిన్న చిన్న వాక్యాలతో ఒక పాఠం రాసుకుంటున్నాను. "జ్ఞానోదయ యుగంలో పుట్టిన స్వేచ్ఛ, హేతువు అనే భావాలు విప్లవాలను ప్రేరేపించాయి" అని బోర్డు మీద రాస్తే, ఒక పిల్లవాడు లేచి "బుద్ధుడికీ విప్లవానికీ సంబంధం ఏమిటండీ?" అని అడిగాడు. ఈ వాక్యంలో మాటలు సరైనవేనా? స్వేచ్ఛ అనాలా, స్వాతంత్ర్యం అనాలా? (ఒక ఉపాధ్యాయిని)

సమాధానం: ఆ పిల్లవాడు అడిగినదానిలో తప్పేమీ లేదు. తెలుగులో జ్ఞానోదయం అనగానే బోధివృక్షమే గుర్తుకు వస్తుంది. అక్కడ ఒక మనిషి లోలోపల వెలుగు పొందాడు. పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లో జరిగింది వేరు. ఫ్రెంచివారు ఆ కాలాన్ని "వెలుగులు" అనే బహువచనంతో పిలుచుకున్నారు. పుస్తకాలలో, చర్చలలో, ఉత్తరాలలో నలుగురూ కలిసి వెలిగించుకున్న దీపాలు అవి. కాబట్టి మొదటిసారి రాసేటప్పుడు "పద్దెనిమిదో శతాబ్దపు యూరప్‌లోని జ్ఞానోదయ యుగం" అని దేశమూ కాలమూ చేర్చి చెబితే అయోమయం పోతుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది "హేతువు" అన్న మాట. మన తర్కశాస్త్రంలో "ఈ కొండ మీద నిప్పు ఉంది, పొగ కనబడుతోంది గనుక" అన్నప్పుడు నిప్పు ఉందనడం ప్రతిజ్ఞ, అంటే నిరూపించవలసిన మాట; పొగ హేతువు. అంటే, ఒక మాటను నమ్మడానికి చూపే ఆధారమే హేతువు తప్ప, ఆధారం వెతికే బుద్ధిశక్తి కాదు. మీ వాక్యంలో కావలసినది ఆ బుద్ధిశక్తి. దానికి వివేచన అన్న మాట దగ్గరగా ఉంటుంది. పిల్లలకైతే "ఎందుకు అని అడిగి, ఆలోచించి తేల్చుకోవడం" అని విడమరచి చెప్పవచ్చు.

అయితే హేతువు అన్న మాటను పూర్తిగా వదులుకోవద్దు, ఎందుకంటే వివేచన విప్లవంలోకి ఎలా దిగిందో చూపడానికి అదే పనికివస్తుంది. 1776 జూలై 4న ఆమోదం పొందిన అమెరికా స్వాతంత్ర్య ప్రకటనను తీసుకోండి. అది కోపంతో రాసిన పత్రంలా కాక, వాదం నడిపినట్లుగా సాగుతుంది. ప్రభుత్వాలు ఉన్నది ప్రజల హక్కులను కాపాడడానికే అని, వాటికి అధికారం వచ్చేది ప్రజల సమ్మతి వల్లనే అని, ఆ పని చెడగొట్టే ప్రభుత్వాన్ని మార్చుకునే హక్కు ప్రజలకు ఉందని మొదట చెబుతుంది. తరువాత బ్రిటన్ రాజు మూడవ జార్జి చేసిన అన్యాయాలను ఒక్కొక్కటిగా పేర్కొంటుంది. ఆ జాబితా కొండ మీది పొగ లాంటిది. చివరికి, కనుక బ్రిటన్ పాలనలో ఉన్న ఈ వలస ప్రాంతాలు ఇకమీదట స్వతంత్ర రాజ్యాలు అని తేలుస్తుంది.

ఆ ప్రకటన చిత్తుప్రతిలో ఒక చిన్న దిద్దుబాటు ఉంది. థామస్ జెఫర్సన్ ముసాయిదాలో ఈ సత్యాలు "పవిత్రమైనవి, కాదనరానివి" అన్న అర్థం వచ్చే మాటలు ఉండగా, చివరి పాఠంలో వాటి స్థానంలో "స్వయంసిద్ధమైనవి" అన్న మాట వచ్చింది. పవిత్రమైనదాన్ని భక్తితో ఒప్పుకుంటాం. స్వయంసిద్ధమైనదాన్ని, రేఖాగణితంలో మొదటి సూత్రాన్ని ఒప్పుకున్నట్లు, బుద్ధితో ఒప్పుకుంటాం. సృష్టికర్త ప్రస్తావన ఆ పత్రంలో అలాగే నిలిచినా, మనుషులు సమానులన్న మాటను ఒప్పుకోవలసింది బుద్ధితోనే అని ఈ ఒక్క మాట మార్పు తెలుపుతుంది. వీలైతే ఈ రెండు పాఠాలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి చూపించండి.

ఇక స్వేచ్ఛ, స్వాతంత్ర్యం. స్వ, తంత్ర అన్న మాటల కలయికతో ఏర్పడిన స్వతంత్ర శబ్దానికి భావరూపం స్వాతంత్ర్యం. ఇతరుల అదుపులో లేకపోవడం దాని అర్థం. 1947 తరువాత ఆ మాట వినగానే మనకు పరాయి పాలన తొలగిపోవడమే మనసులో మెదులుతుంది. అమెరికా వలసలు బ్రిటన్ నుంచి విడిపోయాయి కాబట్టి అక్కడ స్వాతంత్ర్యం సరిపోతుంది. ఫ్రాన్సును పాలించినవాడు పరాయివాడు కాడు, సొంత రాజే. అందుచేత "ఫ్రెంచి ప్రజలు స్వాతంత్ర్యం కోసం పోరాడారు" అని రాస్తే, వాళ్లు ఏ దేశం కింద ఉండేవారని పిల్లలు అడుగుతారు. అక్కడ స్వేచ్ఛ అనడమే మేలు. ఈ తేడా పాఠం సులువుగా అర్థం కావడానికే తప్ప, రెండు మాటల మధ్య దాటరాని గీత ఏదీ లేదు.

స్వేచ్ఛలోనూ ఒక చిక్కు ఉంది. స్వ, ఇచ్ఛ కలిస్తే స్వేచ్ఛ. ఇచ్ఛ అంటే కోరిక గనుక, ఇష్టం వచ్చినట్లు చేయడమే స్వేచ్ఛ అని పిల్లలు అనుకుంటారు. ఈ చిక్కును 1789 ఆగస్టు 26న ఫ్రెంచి జాతీయ సభ ఆమోదించిన హక్కుల ప్రకటనలోని నాలుగవ అధికరణమే విప్పుతుంది. ఇతరులకు హాని చేయని ప్రతి పనినీ చేయగలగడమే స్వేచ్ఛ అని, దాని హద్దులను చట్టం మాత్రమే నిర్ణయించాలని దాని సారాంశం. ఇంట్లో పాట పాడుకోవడం నా స్వేచ్ఛ. అర్ధరాత్రి మైకు పెట్టి వీధినంతా నిద్ర లేపడం కాదు. ఆ హద్దు గీసేది రాజు ఇష్టం కాదు, అందరికీ ఒకటిగా వర్తించే చట్టం.

"ప్రేరేపించాయి" అన్న క్రియను మార్చమని నా సలహా. వాడుకలో దానికి ఉసిగొల్పడమనే ఛాయ ఉంది. "స్ఫూర్తినిచ్చాయి" అనండి. "కారణమయ్యాయి" అని మాత్రం వద్దు. 1788లో ఫ్రాన్సులో పంటలు దెబ్బతిన్నాయి, మరుసటి ఏడాది రొట్టె ధర పేదలకు అందకుండా పోయింది, ఖజానా అప్పుల్లో మునిగింది. కుండకు మట్టి ఉపాదాన కారణం, కుమ్మరి నిమిత్త కారణం అని మన శాస్త్రాలు విడదీసి చెబుతాయి. ఆకలీ అప్పులూ ఇక్కడ మట్టి. ఆ మట్టికి "ఇది మా తలరాత కాదు, మా హక్కుకు జరిగిన అన్యాయం" అన్న రూపం ఇచ్చినవి ఆ భావాలు. ఆకలి తిరుగుబాట్లు అంతకు ముందూ జరిగాయి గానీ, హక్కుల ప్రకటన రాసినవి కావు.

ఇక మీ పాఠం ఇలా మొదలుపెట్టవచ్చు:

"పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్‌లో కొందరు ఆలోచనాపరులు ఉండేవారు. రాజు చెప్పాడని దేన్నీ నమ్మవద్దు, ఎందుకు అని అడగండి అని వారు రాశారు. రాజుకు అధికారం ఎవరిచ్చారు అని కూడా అడిగారు. ప్రజలే ఇచ్చారని కొందరు జవాబు చెప్పారు. ఈ జవాబు అమెరికాలోను, ఫ్రాన్సులోను చాలామందికి స్ఫూర్తినిచ్చింది. మనుషులందరూ స్వేచ్ఛతో, సమాన హక్కులతో పుడతారని ఫ్రెంచి ప్రకటన చెప్పింది."

చివరి వాక్యంలోని "మనుషులందరూ" దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఫ్రెంచి మూలంలోని మాటకు మనుషులు అనీ, మగవారు అనీ రెండు అర్థాలూ ఉన్నాయి. తెలుగులో మనం మనుషులు అనేసరికి ఆ రెండో అర్థం కనబడకుండా పోతుంది. ఆ విప్లవంలో స్త్రీలకు ఓటు రాలేదు. 1791లో ఒలింప్ ద గూజ్ అనే రచయిత్రి ఆ ప్రకటనలోని పదిహేడు అధికరణాలనూ స్త్రీ పేరుతో తిరగరాసి, స్త్రీ స్వేచ్ఛతో పుడుతుందని, హక్కులలో పురుషుడితో సమానంగా ఉంటుందని మొదటి అధికరణంలోనే చేర్చింది. "మనుషులందరూ" అనే రాయండి, కానీ దాని వెంటనే ఆమె పేరుతో ఇంకొక వాక్యం రాయండి.