అటక మీద తిరిగేది ఎలుకేనా? పెంటికలు, బూడిదలో అడుగులు చెప్పే సంగతి

ప్రశ్న: మా పాత పెంకుటింటి అటక మీద రాత్రిళ్లు ధబధబమని చప్పుడు వస్తోంది. పెరట్లో గోడ వారన బొరియలు కూడా కనిపిస్తున్నాయి. ఎలుకల మందు పెట్టినా ఫలితం లేదు. ఇది ఎలుకా, పందికొక్కా, ముంగిసా, పునుగుపిల్లా? ఎలా తెలుసుకోవాలి?

సమాధానం:

చప్పుడును బట్టి తేల్చడం కష్టమండి, ఎందుకంటే కింద ఖాళీగా ఉన్న అటక చెక్కలు చిన్న ఎలుక పరుగును కూడా పెద్దది చేసి వినిపిస్తాయి. పట్టపగలు నిచ్చెన వేసుకుని పైకెక్కి అక్కడి పెంటికలను చూడడమే మొదటి పని. గోదావరి వైపున్న మా అమ్మమ్మగారి ఇంట్లో నేను ఆ పని చేయకుండా మూడు వారాల పాటు మందు ఉండలు పెడుతూ పోయాను. ఒక్క ఉండ కూడా కదలలేదు. రాత్రి పదకొండు దాటాక ఎవరో కొబ్బరికాయ విసిరినట్టు ఒక్క దెబ్బ, తర్వాత నింపాదిగా నాలుగు అడుగులు, ఆపైన నిశ్శబ్దం, ఇదీ వరస.

చివరికి టార్చి పట్టుకుని ఎక్కితే, చూరు మూలన ఒకేచోట కుప్పగా, వేలంత లావున్న విసర్జన కనిపించింది. పుల్లతో విడదీస్తే అందులో నేరేడు గింజలు, ఈత గింజలు కడిగి పెట్టినట్టు చెక్కుచెదరకుండా ఉన్నాయి. అనుమానం అక్కడే తీరిపోయింది. ఎలుక ఏది తిన్నా పళ్లతో కొరికి పొడి చేసుకుని తింటుంది కాబట్టి దాని పెంటికల్లో అంత పెద్ద గింజ చెక్కుచెదరకుండా బయటపడదు. ఇళ్లలో తిరిగే నల్ల ఎలుక పెంటిక సుమారు ఒక సెంటీమీటరు పొడవుతో, రెండు కొసలూ సన్నగా ఉండి, అది నడిచే దారి పొడవునా చెల్లాచెదురుగా పడి ఉంటుంది. పండును గింజతో సహా మింగి, ఒకే చోటికి మళ్లీ మళ్లీ వచ్చి విసర్జించేది మానుపిల్లి. మన వాళ్లు దాన్ని కూడా పునుగుపిల్లి అనే అంటారు గానీ, తిరుమలలో వాడే పునుగు ఇచ్చేది వేరే జాతి, అది ఎక్కువగా నేల మీదే తిరుగుతుంది.

ఇంకా నమ్మకం కావాలంటే, జల్లించిన పొయ్యి బూడిదను లోపలికి వచ్చే సందు దగ్గర పలుచగా పరచి మర్నాడు చూడండి. బియ్యప్పిండి వాడవద్దు, దానికి చీమలు, ఎలుకలు చేరి గుర్తులన్నీ చెరిపేస్తాయి. ఎలుక ముందు కాలికి నాలుగు వేళ్లు, వెనక కాలికి అయిదు వేళ్లు పడతాయి, అడుగు చాలా చిన్నది. పెంపుడు పిల్లి అడుగులో నాలుగే వేళ్లు కనిపిస్తాయి, గోళ్లు పడవు. మానుపిల్లి అడుగు ఇంచుమించు పిల్లి అడుగంతే ఉన్నా, నాలుగు కాళ్లకూ అయిదేసి వేళ్లు ఉంటాయి. బూడిద మందంగా పోస్తే వేళ్లు కలిసిపోతాయని నాకు మొదటి రాత్రే తెలిసివచ్చింది. మరో తేడా ఏమిటంటే, ఎలుకలున్న అటకలో వాసాల అంచులు, కరెంటు తీగల తొడుగులు కొరికి ఉంటాయి, మా అటకలో అలాంటి గాటు ఒక్కటీ లేదు.

మీ పెరటి బొరియలు అటక చప్పుడుతో సంబంధం లేనివే కావచ్చు. పునాది వారన కన్నం, దాని ముందు తాజాగా తవ్విపోసిన మట్టిగుట్ట ఉంటే అది చాలావరకు పందికొక్కు పనే. (ఇంగ్లీషువాళ్ల ‘బాండికూట్’ మన పందికొక్కే.) సాయంత్రం కన్నాన్ని మట్టితో పూడ్చి చూడండి, తెల్లారేసరికి మళ్లీ తెరుచుకుంటే లోపల అది ఉన్నట్టే. దాని పెంటికలు ఇంటి ఎలుకవాటి కంటే స్పష్టంగా పెద్దవి. ముంగిస పగటిపూట తిరుగుతుంది కనుక, అర్ధరాత్రి చప్పుడుకు దాన్ని అనుమానించనక్కర్లేదు. పురుగుల కోసం అది నేలను అక్కడక్కడా చిన్న గుంటలుగా గీరుతుంది, దాని విసర్జనలో వెంట్రుకలు, ఎముక ముక్కలు, పురుగుల రెక్కల పెంకులు కనిపిస్తాయి.

మానుపిల్లి, ముంగిస రెండూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవే కాబట్టి వాటికి మందు పెట్టడం, బోను పెట్టడం కుదరదు. మేము ముందుగా పెంకుల మీదికి వాలిన మామిడి కొమ్మను కొట్టించాము, ఆ తర్వాత సందును మూయాలనుకున్నాము. అయితే లోపల పిల్లలుంటే తల్లి బయట, పిల్లలు లోపల మిగిలిపోతాయి. అందువల్ల సాయంత్రాలు చెవి పెట్టి విని, పిల్లల కూత ఏదీ లేదని రూఢి చేసుకుని, బూడిదలో వరుసగా మూడు రాత్రులు ఒక్క అడుగూ పడలేదని చూశాకే ఇనుప వల కొట్టించాము. విసర్జనను చీపురుతో పొడిగా ఊడ్చకుండా, చేతికి తొడుగు వేసుకుని, బ్లీచింగ్ నీళ్లతో తడిపి తీయండి.