ఒకరికి షేర్లు, ఒకరికి డిపాజిట్లు: ఇద్దరికీ ఒకే మదుపు పథకం ఎలా?

ప్రశ్న: మా ఇద్దరి ఆదాయాలనూ ఒకే పథకం కిందికి తెచ్చుకోవాలనుకుంటున్నాం. ఎక్కువ భాగం షేర్లలో పెడదామని నేనంటే, నా భార్య డిపాజిట్లు తప్ప వేరేవి వద్దంటోంది. సగం సగం పెట్టుకుంటే గొడవ తీరుతుందా?

జవాబు:

గొడవ తీరినట్టే కనిపిస్తుంది గానీ, మార్కెట్ మొదటిసారి గట్టిగా పడినప్పుడు మళ్లీ మొదలవుతుంది. సగం సగం అనేది మీ ఇద్దరి అభిప్రాయాలకు సగటు మాత్రమే. ఏ డబ్బు ఎప్పుడు కావాలన్న సంగతిని అది పట్టించుకోదు. మూడేళ్లలో ఇంటి కోసం కట్టవలసిన సొమ్ములో సగాన్ని షేర్లలో ఉంచడం ఎంత ప్రమాదమో, పాతికేళ్ల తర్వాత వాడుకోవలసిన సొమ్ములో సగాన్ని డిపాజిట్లలో ఉంచి, పెరుగుతున్న ధరలకు దాన్ని కరిగిపోనివ్వడమూ అంతే ప్రమాదం.

మా ఇంట్లో ధైర్యం నాది, జాగ్రత్త మా వారిది. మేము చేసినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చినది, శాతాలను పక్కన పెట్టి అన్నిటినీ నెలల ఇంటి ఖర్చుతో కొలవడం. ముప్ఫై శాతం నష్టాన్ని తట్టుకోగలరా అని అడిగితే చాలామంది తట్టుకుంటామనే అంటారు. ఏడాది ఇంటి ఖర్చుకు సమానమైన సొమ్ము ఖాతాలో తగ్గిపోయి, అదే సమయంలో ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం కూడా లేకపోతే, అమ్మకుండా కూర్చోగలరా అని అడిగితే మాత్రం ఆలోచించి జవాబు చెబుతారు. ఎన్ని నెలల ఖర్చు తగ్గేదాకా అమ్మకుండా ఉండగలరో ఇద్దరూ విడివిడిగా కాగితం మీద రాయాలి. ఎదురెదురుగా కూర్చుని చెప్పుకుంటే రెండోవారి అంకె మొదటివారి అంకె వైపు జరిగిపోతుంది.

లెక్క సులువుగా అర్థం కావడానికి, ఒక జంట దగ్గర మొత్తం 60 నెలల ఖర్చుకు సరిపడా పొదుపు ఉందనుకుందాం. అందులో 6 నెలల ఖర్చు అత్యవసరాలకు, 18 నెలల ఖర్చు మూడేళ్లలో ఇంటికి, మిగిలిన 36 నెలల ఖర్చు పదవీ విరమణకు. మొదటి రెండు భాగాలలో షేర్లకు చోటు లేదు. ఈ విషయంలో ధైర్యవంతుల అభిప్రాయంతో పని లేదు, ఎందుకంటే ఆ సొమ్ము కావలసిన తేదీ మార్కెట్ కోలుకునేదాకా ఆగదు. 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు అమెరికాలోని ఎస్ అండ్ పీ 500 సూచీ దాదాపు 57 శాతం పడిపోయి, తిరిగి పాత శిఖరాన్ని అందుకోవడానికి 2013 దాకా పట్టింది. 2020లో 34 శాతం పడిన అదే సూచీ కొన్ని నెలలలోనే కోలుకుంది. ఈసారి వచ్చేది ఏ రకమో ముందుగా ఎవరూ చెప్పలేరు.

ఇక చర్చ జరగవలసినది ఆ 36 నెలల భాగం మీదే. ఇక్కడ జాగ్రత్తపరులు రాసిన అంకె నుంచి వెనక్కి లెక్క కట్టాలి. వారు 12 నెలల ఖర్చు తగ్గేదాకా అమ్మబోమని రాశారనుకోండి. షేర్లు సగానికి పడతాయని ఊహిస్తే, 12 నెలలు తగ్గాలంటే షేర్లలో 24 నెలల ఖర్చు ఉండాలి. అంటే దీర్ఘకాలపు సొమ్ములో మూడింట రెండు వంతులు షేర్లలోకి, మిగిలిన 12 నెలల ఖర్చు భద్రమైన చోటికి వెళ్తాయి. ఈ అమరికను ధైర్యవంతులు చూస్తే దీర్ఘకాలపు సొమ్ములో ఎక్కువ భాగం షేర్లలోనే ఉంటుంది. జాగ్రత్తపరులు మొత్తం పొదుపును చూస్తే 60 శాతం భద్రంగా ఉంటుంది. ఇదే జంట సగం సగం పెట్టుకుని ఉంటే షేర్లలో 30 నెలల ఖర్చు ఉండేది. మార్కెట్ సగానికి పడితే 15 నెలల ఖర్చు తగ్గి, అందులో నాలుగున్నర నెలలది ఇంటి సొమ్ము అయ్యేది. సగానికి మించి పడదన్న హామీ లేదని కూడా ముందే చెప్పుకోవాలి. 57 శాతం పడితే ఆ 24 నెలలలో దాదాపు 14 నెలలు తగ్గుతాయి.

భద్రమైన చోటు అంటే దీర్ఘకాలిక బాండ్లు అనుకోవద్దు. 2022లో వడ్డీ రేట్లు పెరగడంతో షేర్లతో పాటు ఆ బాండ్ల ధరలు కూడా పడ్డాయి. ఇంటి సొమ్మును డిపాజిట్లలోనో, ఇంటి తేదీకి ముందే గడువు తీరే బాండ్లలోనో ఉంచాలి.

పథకం చెడేది సాధారణంగా పడిన మార్కెట్‌లో ఏం చేయాలన్న దగ్గరే. షేర్లు సగమైతే పై ఉదాహరణలో దీర్ఘకాలపు సొమ్ము 12, 12 గా సమానమవుతుంది. పాత నిష్పత్తికి తేవాలంటే భద్రమైన భాగం నుంచి 4 నెలల ఖర్చు తీసి షేర్లు కొనాలి. పుస్తకం ప్రకారం అది సరైన పనే, కానీ అప్పటికే భయపడుతున్న మనిషిని ఉన్న భద్రత కూడా వదులుకోమన్నట్టు అవుతుంది. అందుకే మేము వేరే నియమం రాసుకున్నాం: మార్కెట్ పడితే కొత్తగా వచ్చే పొదుపుతో మాత్రమే షేర్లు కొనాలి, భద్రమైన భాగాన్ని ముట్టకూడదు, షేర్లు అమ్మాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి, ఒప్పుకున్నాక కూడా నెల రోజులు ఆగాలి. దీని ఖరీదు కూడా తెలిసి ఉండాలి. నెలకు అర నెల ఖర్చు చొప్పున షేర్లలోకి వెళ్తుంటే, మార్కెట్ అక్కడే ఆగిపోయినా పాత నిష్పత్తి రావడానికి రెండేళ్లు పడుతుంది. నాకు అది కొంచెం బాధే, అయినా చౌకలో అమ్ముకోవడంకన్నా మేలనుకున్నాను.

ఎన్ని నెలల ఖర్చు తగ్గేదాకా అమ్మకుండా ఉండగలరన్న పరిమితిని ఏడాదికొకసారి మళ్లీ అడగాలి, లేకపోతే పొదుపు పెరిగినా షేర్ల భాగం 24 నెలల దగ్గరే నిలిచిపోతుంది. షేర్లు బాగా పెరుగుతున్న రోజుల్లో వచ్చే జవాబును మాత్రం నేను అంతగా నమ్మను.

ధైర్యవంతులకు చిన్న సొంత ఖాతా ఉండటం మంచిది. నెలవారీ పొదుపులో ఇరవయ్యో వంతు ఇద్దరికీ సమానంగా ఇచ్చి, దాన్ని ఎలా వాడుకున్నా రెండోవారు అడగకూడదని, అందులో నష్టం వస్తే ఉమ్మడి సొమ్ముతో పూడ్చకూడదని అనుకుంటే చాలు. ఒకరి జీతంలో కొంత తాము పనిచేసే కంపెనీ షేర్లుగా వస్తుంటే, వాటిని సొంత ఖాతా కిందికి నెట్టకుండా ఉమ్మడి పరిమితిలోనే లెక్కించాలి. ఆ కంపెనీ దెబ్బతింటే జీతం, షేర్లు రెండూ ఒకేసారి పోవచ్చు, కాబట్టి ఎక్కువ సంపాదించేవారే ఎక్కువ నష్టాన్ని తట్టుకోగలరన్న మాట అన్ని ఇళ్లకూ వర్తించదు.

మీ భార్య రాసే అంకె నాలుగు నెలలే కావచ్చు. అప్పుడు షేర్లలో ఎనిమిది నెలల ఖర్చే ఉంటుంది, పదవీ విరమణకు కావలసిన మొత్తం ఆ వేగంతో రాకపోవచ్చు. ఆ లోటును లెక్క కట్టి ఇద్దరి ముందూ పెట్టండి. నెలకు ఇంకొంత పొదుపు చేయడమా, మరికొన్నేళ్లు ఉద్యోగం చేయడమా, తర్వాతి జీవితాన్ని కొంత తగ్గించుకోవడమా, పరిమితిని నాలుగు నుంచి ఆరుకు పెంచడమా అన్నది ఆమె కూడా ఎంచుకోవలసిన విషయం. మొదటి మూడింటిలో ఏదో ఒకటి ఆమెకు సమ్మతమైతే, ఆ అంకెను పెంచమని అడగవలసిన అవసరం మీకు ఉండదు.