అడ్వాన్స్ కట్టినవాళ్ల గ్రైండర్ కౌంటర్‌లో పోకుండా ఎలా?

*మాది విజయవాడలో గృహోపకరణాల షాపు. గ్రైండర్లు, కూలర్లు ఎక్కువగా పోతాయి. స్టాకు గూగుల్ షీట్‌లో రాసుకుంటాం. వాట్సాప్‌లో అడ్వాన్స్ కట్టినవాళ్ల సరుకు కౌంటర్‌లో అమ్ముడైపోతోంది, రోజూ టెన్షనే. స్టాకు అయిపోయాక ఆర్డర్ తీసుకోవాలా, లేదని పంపేయాలా?*
*– ఓ పాఠకుడు, విజయవాడ*

గోడౌన్‌లో ఉన్న సరుకు వేరు, అమ్మడానికి మిగిలిన సరుకు వేరు. మీ షీట్‌లో మొదటిదే ఉన్నట్టుంది. కౌంటర్‌లో కుర్రాడికి 20 గ్రైండర్లు కనిపిస్తాయి, అమ్మేస్తాడు. వాటిలో 14 ఇప్పటికే ఒకరి సొమ్మని ఆ అంకె చెప్పదు. తప్పు అతనిది కాదు.

ఆర్డర్లకు Orders అని వేరే షీట్ పెట్టండి. A లో తేదీ, B లో వస్తువు, C లో ఎన్ని, D లో స్థితి. స్థితిని చేత్తో టైప్ చేయనివ్వకండి, డ్రాప్‌డౌన్ పెట్టండి. ఒకరు ‘బుక్’ అని, ఇంకొకరు ‘బుక్కు’ అని రాస్తే లెక్క తప్పుతుంది. స్టాకు షీట్‌లో A లో వస్తువు, B లో గోడౌన్ లెక్క ఉంటే, పక్కన ఇవి రాయండి:

```
C2: =SUMIFS(Orders!C:C, Orders!B:B, A2, Orders!D:D, "బుక్")
D2: =B2-C2
```

C బుక్ అయినవి, D మిగిలినవి. కౌంటర్‌లో చూడాల్సింది D ఒక్కటే. సరుకు చేతికిచ్చిన నిమిషంలోనే స్థితిని ‘ఇచ్చాం’ అని మార్చి, B లోనూ తగ్గించాలి. స్థితి మార్చడం మర్చిపోతే ఆ ఒక్క గ్రైండర్ రెండుసార్లు తగ్గుతుంది, ఉన్న సరుకు లేనట్టు కనిపిస్తుంది. D మైనస్‌లోకి వెళ్లిందంటే మాత్రం బుక్ అయినదాన్ని ఎవరో అమ్మేశారు, ఉన్నదానికి మించి బుక్ చేశారు, ఇచ్చాక స్థితి మార్చలేదు, లేదా గోడౌన్ లెక్క తప్పింది. ఆ రోజే డబ్బాలు లెక్కపెట్టండి.

షీట్‌లో బుక్ చేస్తే సరిపోదు. డబ్బా మీద మార్కర్‌తో ఆర్డర్ నంబర్ రాసి విడిగా పెట్టండి. అడ్వాన్స్ లేని బుకింగ్‌కి గడువు పెట్టండి, రెండు రోజులు చాలు. లేకపోతే రానివాళ్ల కోసం సరుకు మూలన పడి ఉంటుంది. ఇంకో మాట, ఇద్దరు ఒకేసారి షీట్ చూసి చివరి గ్రైండర్‌ని ఇద్దరికి ఒప్పుకుంటే గూగుల్ షీట్ ఆపదు. అందుకే బుకింగ్ ఒకరి చేతిలోనే ఉంచండి.

ఇక సరుకు లేనప్పుడు ఏం చేయాలన్నది వస్తువును బట్టి ఉంటుంది. గ్రైండర్ కొనేవాళ్లు ఫలానా మోడలే కావాలని వస్తారు, వారం ఆగమంటే చాలామంది ఆగుతారు. వాళ్ల ఆర్డర్ తీసుకోండి, కానీ స్థితి ‘వెయిటింగ్’ అని రాయండి. D లో 6 మిగిలి ఉండగా హోటల్‌వాళ్లు 10 అడిగారనుకోండి. 6 ‘బుక్’, 4 ‘వెయిటింగ్’, రెండు వరసలుగా రాయాలి. కంపెనీ నుంచి 12 వస్తున్నాయని ఖాయమైతే, కొత్తవాళ్లకి మాట ఇవ్వగలిగింది అందులో 8కే. స్టాకు షీట్‌లోనే E లో రాబోయేవి, F లో మాట ఇవ్వగలిగినవి రాయండి:

```
E2: 12
F2: =E2-SUMIFS(Orders!C:C, Orders!B:B, A2, Orders!D:D, "వెయిటింగ్")
```

F సున్నా అయ్యాక తీసుకునే అడ్వాన్స్‌కి వెనక సరుకు లేదు. అప్పుడు తేదీ చెప్పకండి. లోడ్ దిగగానే ముందు వెయిటింగ్ వరసల్ని ఆర్డర్ తేదీ ప్రకారం ‘బుక్’గా మార్చండి. ఆ తర్వాతే 12ని B లో కలిపి, E ని సున్నా చేయండి. ఈ క్రమం తిరగబడితే ఆ పావుగంటలోనే కౌంటర్‌లో కొన్ని పోతాయి.

కూలర్ అలా కాదు. మే నెల ఎండలో వచ్చినవాళ్లు వారం ఆగరు, పక్క షాపులో కొనుక్కుంటారు. ఆగమని అడ్వాన్స్ తీసుకున్నా చాలావరకు తిరిగివ్వాల్సి వస్తుంది. లేదని చెప్పి పంపేయండి, కానీ Orders షీట్‌లో ‘పోయింది’ అని ఒక వరస రాయండి. చాలా షాపుల్లో రాయనిది ఇదే. మేలో 30 కూలర్లు అమ్మి, 20వ తేదీకి స్టాకు అయిపోయి, మరో 18 మంది తిరిగి వెళ్లారనుకోండి. బిల్లులు మాత్రమే చూస్తే వచ్చే ఏడాదీ 30 తెప్పిస్తారు, మళ్లీ 20వ తేదీకే అయిపోతాయి. మీకు కావాల్సిన అంకె 48కి దగ్గర. తిరిగి వెళ్లినవాళ్లలో మీ దగ్గరే వేరే మోడల్ కొన్నవాళ్లని ఆ 18లో కలపకండి.

రేపు షాపిఫైలో వెబ్‌సైట్ పెట్టినా ఇదే తేడా పాటించండి. అక్కడ ప్రతి వస్తువుకీ, స్టాకు అయిపోయాక కూడా ఆర్డర్లు తీసుకునేలా ఒక సెట్టింగ్ ఉంటుంది. గ్రైండర్‌కి పెట్టండి, కూలర్‌కి తీసేయండి.